అర్థమైనవాళ్లు చెయ్యెత్తండి

మంజుశ్రీ అంటే ఆ ఫ్యాక్టరీలో ఎవరికీ గిట్టదు. గిట్టకపోవడానికి ఆమె చేసిన పాపం ఏమీ లేదు. ఆమె కూర్చున్న కుర్చీ అలాంటిది. హోసూరులో కార్లకూ బైకులకూ వైర్ల కట్టలు తయారుచేసే కంపెనీ అది. లైన్లలో నిలబడి పనిచేసేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. వాళ్ల బాగోగులు చూడడానికని చట్టం ప్రకారం పెట్టిన ఆఫీసరు మంజుశ్రీ. పనివాళ్లు ఆమెను కంపెనీ మనిషంటారు. కంపెనీవాళ్లు ఆమెను పనివాళ్ల మనిషంటారు. రెండు వైపులా తిట్లు తినడానికే ఆ ఉద్యోగం పెట్టారేమోనని ఆమెకే చాలాసార్లు అనిపించింది.

కరోనా కాలంలో ఆ కుర్చీలో వేరే ఆయన ఉండేవాడు. సూది వేయించుకున్నట్టు సర్టిఫికెట్ చూపించనివాళ్లను ఆయన గేటు దగ్గరే ఆపేశాడు. అంచెట్టి వైపునుంచి తెల్లవారకముందే బస్సెక్కి వచ్చిన ఆడవాళ్లు మిట్టమధ్యాహ్నం దాకా ఎండలో నిలబడి, ఆ రోజు కూలి పోగొట్టుకుని వెనక్కి పోయారు. ఆయన తర్వాత పూనా పోయి పెద్ద ఉద్యోగంలో చేరాడు. తిట్లు మాత్రం కుర్చీలోనే వదిలిపోయాడు. మంజుశ్రీ వచ్చి వాటిమీద కూర్చుంది.

ఆమెది గురుబరపల్లి. తండ్రి ఆంజినప్పకు మామిడితోట ఉంది, దాని పక్కన టమాటా వేస్తాడు. సోషల్ వర్క్ చదివిన కూతురు రోజూ హైవేమీద బస్సెక్కి హోసూరు పోయి తిట్లు తిని రావడం ఆయనకు నచ్చదు. "తోటలో అయితే ఆ తిట్టేదేదో నేనే తిడతాను కదమ్మా" అంటాడు. మంజుశ్రీకి కోపం ముక్కుమీదే ఉంటుంది. అయితే ఆ కోపాన్ని ఎక్కడ చూపించాలో తెలియక బస్సు కిటికీ మీద చూపించేది. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, పరీక్షాకాలం ముగింపుకొచ్చింది. ఖాయం చేసే కాగితంమీద సంతకం పెట్టాల్సినవాడు ఈశ్వరప్రసాద్.

ఈశ్వరప్రసాద్ ఉత్పత్తి విభాగానికి పెద్ద. గుంటూరు వైపునుంచి వచ్చినవాడు. ఆయనకు మనుషులు కనబడరు, శాతాలే కనబడతాయి. నిరుడు వానాకాలంలో ఫ్లూ జ్వరం లైన్లన్నీ ఊడ్చిపెట్టేసింది. సరుకు ఆలస్యమైందని కొనే కంపెనీవాళ్లు ఈయన్ను నిలబెట్టి కడిగేశారు. అందుకని ఈసారి వానలకు ముందే అందరికీ ఫ్లూ సూదులు వేయిద్దామని కంపెనీ నిర్ణయించింది. ఖర్చు కంపెనీదే. ప్రకటన రాసే పని మంజుశ్రీది.

ఆమె మూడు రోజులు కూర్చుని రాసింది. గేటు దగ్గర నిలబడినవాళ్ల కోపం ఆమెకు వారసత్వంగా వచ్చింది కాబట్టి ప్రతి మాటా ఆ కోపాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని రాసింది. తమిళంలో, తెలుగులో, కన్నడంలో రాసింది. తెలుగు కాగితం ఇలా ఉంది:

"మన ఫ్యాక్టరీలో ఫ్లూ జ్వరానికి టీకా వేస్తారు. వేయించుకోవాలా వద్దా అన్నది పూర్తిగా మీ ఇష్టం. వద్దనుకుంటే కారణం చెప్పనక్కర్లేదు. జీతం, షిఫ్టు, కాంట్రాక్టు, ప్రమోషన్ దేనికీ దీనితో సంబంధం లేదు. టీకా వేసేది బయటి ఆస్పత్రి నర్సు. మీ ఆరోగ్యం గురించి ఆమెతో మాట్లాడేది, మీరు సంతకం పెట్టే కాగితం ఆస్పత్రి దగ్గరే ఉంటాయి. మొత్తం ఎన్ని టీకాలు వేశారో ఆ సంఖ్య తప్ప ఎవరి పేరూ కంపెనీకి రాదు. అదే గదిలో బీపీ కూడా చూస్తారు. దేనికోసం వచ్చినా లోపల అందరూ అరగంట కూర్చుని టీ తాగి పోవచ్చు, కాబట్టి ఎవరు దేనికి వచ్చారో బయటికి తెలియదు. ఆ సమయానికి కూలి కోత లేదు. చెయ్యి నొప్పి, కొద్దిగా జ్వరం ఒకటి రెండు రోజులు రావచ్చు. ముందే జ్వరంగా ఉన్నా, ఇంతకుముందు ఏ టీకా అయినా పడకపోయినా, మీకేదైనా అనుమానం ఉన్నా నర్సును అడగండి. మీరు వేయించుకున్నారా లేదా అని అడిగే హక్కు సూపర్‌వైజర్లకు గానీ తోటివాళ్లకు గానీ లేదు."

ఈశ్వరప్రసాద్ చదివి కాగితాన్ని బల్లమీద పడేశాడు.

"ఏంటండీ ఇది? సూదులు వేస్తామని చెబుతున్నారా, వద్దని చెబుతున్నారా? మీ ఇష్టం అంటే ఎవరొస్తారండీ?"

"రాకపోతే రారు సార్."

"రాకపోతే రారు అనడానికేనా కంపెనీ డబ్బు తగలేసేది? లైనువారీగా శాతం కావాలి నాకు. ఏ లైను వంద కొడితే ఆ లైనుకు బిర్యానీ పెడదాం. అది రాయండి."

"బిర్యానీ పెడితే వద్దన్న ఒక్కదాన్నీ మిగతావాళ్లు నమిలి మింగేస్తారు సార్. అది రాయను. పేర్లు అడిగితే క్యాంపే పెట్టబోమని ఆస్పత్రి డాక్టరు కూడా చెప్పినారు."

డాక్టరు మాట రాగానే ఆయన పెన్ను తీశాడు. సంతకం పెట్టాడు. కాగితం చిరిగేటంత గట్టిగా పెట్టాడు. "మీ కన్ఫర్మేషన్ కాగితం కూడా నా దగ్గరకే వస్తుందండీ, గుర్తుంచుకోండి" అన్నాడు. మంజుశ్రీ మర్చిపోయిందెప్పుడు గనుక!

ఇంత జాగ్రత్తగా కాగితం రాసిన మనిషి ఒక్కటి మర్చిపోయింది. కాగితాన్ని ఎవరి నోట చదివిస్తున్నదో ఆలోచించలేదు.

ఆ ఫ్యాక్టరీలో ఒక అలవాటు ఉంది. షిఫ్టు మొదలయ్యేముందు లైను మొత్తం వరసలో నిలబడాలి. లైను లీడరు ఆనాటి సంగతులు చదువుతాడు. నిన్న ఎక్కడ తప్పు జరిగింది, ఈరోజు ఎన్ని కట్టలు కావాలి, కత్తెరలు ఎక్కడ పెట్టాలి. చివర్లో "అర్థమైనోళ్లు చెయ్యెత్తండి" అంటాడు. అందరూ ఎత్తుతారు. అర్థం అయిందా లేదా అన్నది వేరే సంగతి, చెయ్యి మాత్రం లేవాలి. ఎత్తనిదాన్ని మీటింగయ్యాక విడిగా నిలబెట్టి అడుగుతారు. ఆదివారం ఓవర్‌టైముకు వచ్చేవాళ్లెవరో అడిగినా ఇదే పద్ధతి. పిల్లకు జ్వరమున్నామె కూడా ఎత్తేస్తుంది. కంపెనీ లెక్కలో అందరూ ఇష్టపడే వచ్చినట్టు!

చెన్నకేశవ అలాంటి ఒక లైనుకు లీడరు. మంచివాడే. తళి వైపు మనిషి, మెషీన్ దగ్గర మొదలై పైకొచ్చినవాడు. పైనుంచి ఏం చెబితే అది కింద అమలు చేయడంలో అతనికి సాటి లేరు. అతని తంటా అంతా అదే. ప్రకటనను ఒక్క అక్షరం పొల్లుపోకుండా మూడు భాషల్లోనూ చదివాడు. మంజుశ్రీ పక్కన నిలబడి గర్వంగా వింటోంది. చదవడం అయింది.

"అర్థమైనోళ్లు చెయ్యెత్తండి" అన్నాడు. అన్ని చేతులూ లేచాయి. "సరే. ఏసుకునేవాళ్లు చెయ్యెత్తండి."

దించబోయిన చేతులు దించకుండానే మళ్లీ లేచాయి. మంజుశ్రీ "అన్నా, ఆపండి!" అని అరిచేలోపే అంతా అయిపోయింది. వరసలో మూడో మనిషి, అంబిక, చేతులు కట్టుకుని నిలబడి ఉంది. లైను మొత్తం తలలు తిప్పి ఆమెను చూసింది. చెన్నకేశవ కూడా చూశాడు. చూసి, అలవాటుకొద్దీ, "నువ్వు మీటింగైనంక నిలబడు" అన్నాడు.

మంజుశ్రీ అడ్డుపడి అంబికను పంపించేసింది, నిజమే. కానీ చూసిన కళ్లను వెనక్కి పంపించడం ఎవరివల్ల అవుతుంది?

ఆ మధ్యాహ్నానికల్లా క్యాంటీన్‌లో అంబిక పక్కన కూర్చునేవాళ్లు లేరు. మర్నాడు ఆమెను తన మెషీన్ దగ్గరనుంచి తీసి టేపు చుట్టే చివరి బల్ల దగ్గర వేశారు. కొత్తగా వచ్చిన పిల్లల్ని వేసే చోటది. మూడోనాడు అంబిక మంజుశ్రీ గదికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"కాగితం బాగా రాసినారు మేడమ్. ఎవురూ అడక్కూడదని రాసినారు. ఇప్పుడు ఎవురు చూసినా అదే అడగతా ఉండారు."

"ఎవరడిగినారు? పేరు చెప్పు."

"ఎవురు అడగలేదో అది అడగండి, చెప్తాను. కడుపా అని ఒకామె. ఏం జబ్బు దాచిపెట్టినావని ఇంకొకామె. జవళగిరి అడివోళ్లు కదా, సూదంటే బెదురు అని ఒకామె. నా వల్ల లైనుకు చెడ్డ పేరంట. నేను దగ్గితే వాళ్ల పిల్లోళ్లకు వస్తాదంట. నేను దగ్గనే లేదు!"

మంజుశ్రీ నోటి చివరికి ఒక ప్రశ్న వచ్చింది. ఎందుకు ఎత్తలేదు? ప్రకటన రాసింది తనే, అడగకూడదని రాసిందీ తనే. అయినా వచ్చింది. పెదాలు బిగించి ఆపుకుంది. అంబిక ఆ పెదాలవైపే చూస్తోంది.

"మీకూ అడగాలనే ఉండాది కదా?"

"లేదు."

పచ్చి అబద్ధం. అంబికకు తెలుసు, మంజుశ్రీకీ తెలుసు.

"వచ్చే నెల నా కాంట్రాక్టు మళ్లీ రాయాల. చెన్నకేశవన్న పేరిస్తేనే రాస్తారు. ఆయన ఇప్పుడు నా మొగం గూడా చూడడంలే. మీరు కాగితం రాయకుండా ఉన్నింటే, అందర్నీ కట్టేసి పొడిచి పంపించి ఉన్నింటే, నేనొక్కదాన్నే కదా తిట్టుకుంటా పోయేదాన్ని? మీ మర్యాద నన్ను నడీధిలో నిలబెట్టె."

తలుపు ధడేల్‌మని వేసి పోయింది. మంజుశ్రీకి కళ్లనిండా నీళ్లొచ్చాయి. ఏడుపు కాదది, కోపం. ఈసారి బస్సు కిటికీ దాకా ఆగలేదు. నేరుగా లైనుమీదికి పోయింది.

"చెన్నకేశవన్నా, అంబికను చివరి బల్లకు ఎందుకు మార్చినారు?"

"ఆ బల్లకాడ మనుషులు తక్కువైనారు మేడమ్."

"ఆ రోజే ఎందుకు తక్కువైనారు?"

"నేనేం తప్పు చేసినాను? కాగితంలో ఉండేదంతా చదివినాను. ఎంతమందికి సూది కావాలో తెలిస్తేనే కదా, ఎవురిని ఎప్పుడు పంపించాలో, మెషీన్ దగ్గర ఎవురిని నిలబెట్టాలో చూసుకునేది? మీకేం, ఏసీ రూములో రాస్తారు. లైను ఆగితే ఈశ్వరప్రసాద్ సార్ చీవాట్లు తినేది నేను."

అతను చెప్పింది సగం నిజమే, అందుకే మంజుశ్రీకి ఇంకా మండింది. ఎంతమంది గదికి వెళతారన్నది లీడరుకు కావాలి. అయితే ఎందుకు వెళతారన్నది అక్కర్లేదు. లైను లైనంతా వంతులవారీగా గదికి పోతే సరి. ప్రతి ఒక్కరికీ అరగంట. లోపల సూదో, బీపీయో, ఉత్త టీయో. ఈ ముక్క ముందే కాగితంలో రాసి ఉంటే చెయ్యెత్తించే పనే ఉండేది కాదు. తన తెలివికి తనే నాలుగు మొట్టికాయలు వేసుకుంది.

ఆ సాయంత్రం ఈశ్వరప్రసాద్ గదిలో పెద్ద గొడవే అయింది. లైను లైనంతా అరగంట చొప్పున పోతే ఉత్పత్తి ఎంత పడిపోతుందో ఆయన వేళ్లమీద లెక్కపెట్టాడు. నిరుడు జ్వరానికి ఎంత పడిపోయిందో మంజుశ్రీ లెక్కపెట్టింది. అంబికను ఆమె మెషీన్ దగ్గరికి పంపకపోతే, సంతకం పెట్టిన ప్రకటనను కంపెనీయే తుంగలో తొక్కిందని తాను పైవాళ్లకు రాయాల్సి వస్తుందని కూడా చెప్పింది.  ఆయన ఒక చిల్లర నవ్వు నవ్వాడు.

"సరేనండీ. మళ్లీ చదివించండి. నేను కూడా వచ్చి నిలబడతాను. మీ సరదా ఏంటో చూద్దాం."

మర్నాడు పొద్దున లైను మళ్లీ వరసకట్టింది. ఈసారి కాగితంలో రెండు మాటలు ఎక్కువ. మొన్న చేతులెత్తించడం పొరపాటు, ఎత్తినవాళ్లు వేయించుకోవాలనీ లేదు, ఎత్తనివాళ్లు మానాలనీ లేదు. ప్రతి ఒక్కరూ వంతు ప్రకారం గదికి పోతారు, లోపల ఏం చేస్తారో వాళ్లిష్టం. చెన్నకేశవే చదివాడు. పొరపాటు అన్న మాటను గబగబా దాటేశాడు. చదవడం అయ్యాక చెయ్యెత్తమనలేదు. పాపం, ఆ మాట లేకుండా మీటింగు ఎలా ముగించాలో తెలియక అలాగే నిలబడిపోయాడు.

ఆ సందులో పుట్టమ్మ నోరు తెరిచింది. లైనులో అందరికంటే పెద్దామె. ఆనాడు గేటు బయట ఎండలో నిలబడ్డవాళ్లలో ఆమె ఉంది.

"ఇంత పురాణం ఎందుకమ్మా? మీరు ఏసుకున్నారా, అది చెప్పండి. మీరు ఏసుకునింటే మేమూ ఏసుకుంటాము. లేదంటే లేదు."

వరసంతా గొల్లుమంది. "అవును, చెప్పమనండి!" "వాళ్లు ఏసుకోరు, మనకే పొడుస్తారు!" ఈశ్వరప్రసాద్ చేతులు కట్టుకుని, "చెప్పండి మేడం, అడుగుతున్నారుగా" అన్నాడు. ఆ గొంతులో తేనె కారుతోంది.

ఒక్క మాట చెబితే చాలు. వేయించుకున్నానంటే సగం లైను వెనకాలే వస్తుంది, ఈశ్వరప్రసాద్‌కు శాతం వస్తుంది, తన ఉద్యోగం ఖాయమవుతుంది. కానీ ఆఫీసరు వేయించుకుంది కాబట్టి మనమూ వేయించుకోవాలన్న మాట రేపు అంబిక నెత్తినే పడుతుంది. వేయించుకోలేదంటే ఇంకా ఘోరం. మంజుశ్రీ వరసలో అంబికను చూసింది. అంబిక నేలను చూస్తోంది.

"చెప్పను" అంది మంజుశ్రీ.

"ఏమి?"

"చెప్పనంటే చెప్పను పుట్టమ్మక్కా. అడక్కూడదని మీకు రాసినప్పుడు అది నాకూ ఉండాది. సూది మంచిదా చెడ్డదా అని అడగండి, నర్సు వచ్చి పొద్దంతా చెప్తుంది. నేను ఏసుకున్నానా అని మాత్రం అడగద్దండి."

"భయపడింది లే" అని ఎవరో అన్నారు. "దొంగది" అని ఇంకెవరో. పుట్టమ్మ ఉమ్మేసినంత పని చేసి మెషీన్‌వైపు తిరిగింది. ఈశ్వరప్రసాద్ కట్టుకున్న చేతులు విప్పుకుని వెళ్లిపోయాడు. 

క్యాంపు జరిగింది. శిక్షణ గదిలోకి ఒక తలుపున లోపలికి, ఇంకో తలుపున బయటికి. లైన్లు వంతులవారీగా వెళ్లాయి. లోపల తెర కట్టారు. బయటికొచ్చేవాళ్ల మీద ఫ్యాక్టరీ కోటు, కోటు చేతులు మణికట్టు దాకా. ఎవరి భుజంమీద దూది ఉందో, ఎవరు ఉత్త టీ తాగి వచ్చారో దేవుడికి తెలియాలి. అంబిక వెళ్లింది, అరగంటకు వచ్చింది. మంజుశ్రీ పక్కనుంచే పోయింది, పలకరించలేదు. ఆస్పత్రి ఇచ్చిన సంఖ్య చూసి ఈశ్వరప్రసాద్ పళ్లు కొరికాడు. తక్కువేమీ కాదు. వందకు వంద మాత్రం కాదు.

వారం తర్వాత ఆయన మంజుశ్రీని పిలిచి, "మీ కన్ఫర్మేషన్ ఇంకో ఆరు నెలలు చూద్దామండీ. మీకు టీమ్ స్పిరిట్ తక్కువ" అన్నాడు. ఇంట్లో ఆంజినప్ప విని, కొంచెంసేపు టమాటా ధర గురించి మాట్లాడి, చివరికి ఆపుకోలేక అడిగాడు.

"ఇంతకూ నువ్వు ఏయించుకున్నావా మా?"

"నీకూ చెప్పను పో నాయనా!" అని కంచం ముందునుంచి లేచిపోయింది. అన్నం ఎండిపోయింది. ఆమె ఏడ్చింది కూడా. ఉద్యోగం పోతుందని ఏడ్చింది. అవమానానికి ఏడ్చింది. ఇంత చేస్తే ఒక్క మనిషి, ఒక్కటంటే ఒక్క మనిషి, మంచి మాట అనలేదని మరీ ఏడ్చింది.

ఆ శనివారం పొద్దున ఏదో పనిమీద ఆమె లైను పక్కనుంచి పోతోంది. షిఫ్టు మీటింగు ముగుస్తోంది. చెన్నకేశవ మళ్లీ పాత గొంతు అందుకున్నాడు.

"రేపు ఆదివారం ఓటీ ఉండాది. ఇష్టమైనోళ్లు చెయ్యెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు.

చెన్నకేశవ వాళ్లకు వినపడలేదనుకున్నాడేమో, మళ్లీ చెప్పాడు. పుట్టమ్మ చేతులు కట్టుకుంది. పక్కనామె కట్టుకుంది. వరస చివరిదాకా అందరూ కట్టుకుని నిలబడ్డారు. అతను ఎర్రబడ్డ మొహంతో చుట్టూ చూసి, మంజుశ్రీని చూసి, అంతా ఈమె చేసిన పనేనన్నట్టు పళ్లు బిగించాడు.

"ఎందుకు ఎత్తరు? రాము అంటే రాము అనండి!"

"మేము రాము అనలేదన్నా" అంది అంబిక, తన పాత మెషీన్ పక్కనుంచి. "ఒక్కొక్కరం వచ్చి చెప్తాము. వచ్చేవాళ్లూ చెప్తారు, రానోళ్లూ చెప్తారు. ఎందుకు అని మాత్రం మీరు అడక్కూడదు."

మంజుశ్రీ నిలబడిపోయింది. అంబిక ఆమెవైపు చూడలేదు. పుట్టమ్మ చూసింది. ఆ చూపులో ప్రేమా లేదు, క్షమా లేదు. "మీరింకా ఈడే నిలబడినారేమి మేడమ్?" అంది. "పోండి, మీ ముందర ఆయనకు ఎట్ల చెప్పేది?"

మంజుశ్రీ అక్కడినుంచి వెళ్లిపోయింది.